నాలుగు లైన్ల వీడ్కోలు మర్యాద కాదు

కంపెనీ వదిలి విదేశం వెళ్లే ఇంజనీరు ఆఖరి రోజున టీముకు ఏం రాయాలి? ఇవాళ హైదరాబాదు ఆఫీసుల్లో ఎవరిని అడిగినా ఒకటే జవాబు. నాలుగు లైన్లు చాలు. ఈ రోజు నా లాస్ట్ వర్కింగ్ డే, మీ అందరితో పనిచేయడం గొప్ప అనుభవం, చాలా నేర్చుకున్నాను, టచ్‌లో ఉందాం. కింద ఒక ఫోన్ నంబరు. హెచ్‌ఆర్ ఇదే చెబుతుంది, సీనియర్లు ఇదే చెబుతారు, ముందు వెళ్లినవాడి మెయిల్‌లో పేరు మార్చి పంపేవాళ్లూ ఉన్నారు. ఎందుకంత పొట్టిగా అని అడిగితే వాళ్ల దగ్గర మంచి కారణాలే ఉన్నాయి. పని సంగతి కేటీలో చెప్పేశాం కదా, మళ్లీ మెయిల్‌లో ఎందుకంటారు. ఏ దేశం వెళ్తున్నావో ఊరంతా చాటడం దేనికంటారు. రేపు ఎవరితో ఏ అవసరం పడుతుందో తెలియదు కాబట్టి తీపి మాట తప్ప ఇంకోటి రాయొద్దంటారు.

ఈ సలహా పక్క బిల్డింగులోని కంపెనీకి మారేవాడికి సరిపోతుందేమో. రాయదుర్గంలో ఒక చోట మానేసి నానక్‌రామ్‌గూడలో చేరినవాణ్ణి సాయంత్రం టీకి పిలిచి అడగొచ్చు. విదేశం వెళ్లేవాడి సంగతి వేరు. అతని విషయంలో ఈ సలహా మూడు చోట్లా తప్పుతుందని నా వాదన. ఆ నాలుగు లైన్లను మర్యాద అనడం మీద అయితే నాకు ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది.

గాలిలో మాట్లాడకుండా ఒక ఉదాహరణ కల్పించుకుందాం. మా నస్రుల్లాబాద్ కుర్రాడే అనుకోండి. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా బీర్కూరు మండలంలో ఉన్న ఊరు, 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడ్డప్పుడు మండల కేంద్రమైంది. నిజాంసాగర్ నీళ్లు, వరి పొలాలు, బాన్సువాడ వెళ్లే బస్సులు. అక్కడి నుంచి హైదరాబాదు వచ్చి బీటెక్ చేసి, దుకాణాల కార్డు చెల్లింపుల లెక్కలు చూసే ఒక కంపెనీలో ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఇప్పుడు కెనడా పీఆర్ వచ్చింది, టొరంటో వెళ్తున్నాడు. మూడు నెలల నోటీసు పూర్తయింది, ఆఖరి రోజు 12వ తేదీ. కేటీ సెషన్లు రికార్డు చేశారు, డాక్యుమెంటు మీద మేనేజరు ఓకే అన్నాడు. సాయంత్రం నాలుగింటికి నాలుగు లైన్ల మెయిల్ కొట్టి, కేకు కోసి, ల్యాప్‌టాప్ అప్పజెప్పి వెళ్లిపోయాడు. అందరూ మెచ్చుకునే పద్ధతిలోనే వెళ్లాడు.

ఇప్పుడు వచ్చే నెల ఒకటో తేదీకి రండి.

ఆరేళ్ల కింద, టీము చిన్నగా ఉన్నప్పుడు, నెలాఖరు లెక్కల ఫైలును భాగస్వామి బ్యాంకుకు పంపే స్క్రిప్టు ఒకటి ఈ కుర్రాడే రాశాడు. తొందరలో దాన్ని సర్వర్‌లో తన సొంత లాగిన్ కిందే పెట్టాడు. ఇలాంటివి తాత్కాలికం అనుకునే పెడతారు, ఏళ్లపాటు ఉండిపోతాయి. అతని క్రాన్ పట్టికలో ఉన్నది ఇంతే:

```
30 2 1 * * /opt/settle/bin/monthly.sh
```

ప్రతి నెల ఒకటో తేదీ తెల్లవారుజామున రెండున్నరకు ఆ స్క్రిప్టు నడవాలని దాని అర్థం. నెలకోసారి మాత్రమే నడుస్తుంది, ఎప్పుడూ ఆగలేదు, అందుకే దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. కేటీ డాక్యుమెంటు మాడ్యూళ్ల వారీగా రాస్తారు: ఈ సర్వీసు ఏం చేస్తుంది, ఆ డేటాబేసు ఎక్కడుంది. ఏ మాడ్యూలుకూ చెందని ఈ ఒక్క లైను ఏ శీర్షిక కిందా పడలేదు. దాచాలని కాదు, రాసినవాడే మరిచిపోయాడు.

12వ తేదీ సాయంత్రం ఐటీ వాళ్లు పద్ధతి ప్రకారం అతని ఖాతా ఆపేశారు. ఒకటో తేదీ రెండున్నరకు సర్వర్ ఆ స్క్రిప్టు నడపబోయి, ముందు ఈ మనిషికి అనుమతి ఉందా అని చూసింది. లేదు. క్రాన్ లాగ్‌లో `FAILED to authorize user with PAM` అని ఒక లైను పడింది. అంతే. స్క్రిప్టు మొదలే కాలేదు కాబట్టి, అది ఫెయిలైతే మెయిల్ పంపమని లోపల రాసుకున్న ఏర్పాటు కూడా కదల్లేదు. టీములో ఎవరికీ ఏ అలారమూ మోగలేదు. పని జరిగి తప్పు వస్తే ఎవరో ఒకరు చూస్తారు. పని అసలు జరగకపోతే అవతలివాడు అడిగేదాకా తెలియదు. ఇక్కడ అడిగింది బ్యాంకు, అదీ మూడో తేదీ మధ్యాహ్నం.

టీము పరుగెత్తింది. ఎవరో లాగ్ చూసి కారణం పట్టుకున్నారు, స్క్రిప్టును వేరే ఖాతా కిందికి మార్చి నడిపారు. మళ్లీ ఆగింది. ఈసారి బ్యాంకు సర్వరే తలుపు తీయలేదు, ఎందుకంటే స్క్రిప్టు లోపల వాడుతున్న ఎస్‌ఎస్‌హెచ్ కీ కూడా ఆ కుర్రాడి హోమ్ ఫోల్డర్‌లోదే, దానితోపాటే పోయింది. బ్యాంకు దగ్గర కొత్త కీ నమోదు చేయించాలంటే వాళ్ల ఫారం, వాళ్ల ఆమోదం, వాళ్ల చేంజ్ విండో. రోజులు పడతాయి. మన వైపు పది నిమిషాల మరమ్మతు, అవతలి వైపు వారం. ఆ వారంలో వ్యాపారుల డబ్బు గురించి ఫోన్లు ఎవరు ఎత్తారో చెప్పనక్కర్లేదు.

ఇది కల్పించిన ఉదాహరణే. సర్వర్లతో పనిచేసినవాళ్లు మాత్రం దీనికి ఆశ్చర్యపోరు. క్రాన్ కాకపోతే సర్టిఫికెట్ గడువు హెచ్చరిక అతని మెయిల్‌కు పోతుంటుంది. అది కాకపోతే బిల్డ్ సర్వర్ అతని పర్సనల్ టోకెన్‌తో నడుస్తుంటుంది. అదీ కాకపోతే ఏదో క్లౌడ్ ఖాతాకు ఓటీపీ అతని ఫోనుకు వస్తుంటుంది. ఎనిమిదేళ్లు ఒకే చోట పనిచేసినవాడి పేరు మీద ఇలాంటివి రెండో మూడో లేకుండా ఉండటం అరుదు.

‘అయితే అది కేటీ తప్పు, వీడ్కోలు మెయిల్‌కు దీంతో ఏం పని?’ అని అడుగుతారు. మొదటి వాదన అదే కదా. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు: కేటీ డాక్యుమెంటును ఆ పని అందుకునే ఒక్క మనిషి చదువుతాడు, అదీ సగం. అది ఏదో షేర్డ్ ఫోల్డర్‌లో పడి ఉంటుంది, ఆర్నెల్లకు ఆ లింకు ఎవరికీ గుర్తుండదు. మెయిల్ అలా కాదు. అది టీములో ప్రతి ఒక్కరి ఇన్‌బాక్స్‌లో ఉంటుంది. మూడో తేదీన బ్యాంకు ఫోన్ చేసినప్పుడు మొదట అందరూ చేసే పని, ఆ స్క్రిప్టు ఎవరు రాశారో చూసి మెయిల్‌లో అతని పేరు వెతకడం. ఆ వెతుకులాటలో చివరగా దొరికేది అతని వీడ్కోలు మెయిలే. ‘చాలా నేర్చుకున్నాను, టచ్‌లో ఉందాం’ అని అక్కడ దొరికితే చదివేవాడికి ఎలా ఉంటుంది?

కాబట్టి డాక్యుమెంటునంతా మెయిల్‌లో దించమని నేననను. అందులో ఉండాల్సింది తక్కువే: నా పేరు మీద ఏమేం నడుస్తున్నాయి, అవి ఎవరి చేతికి వెళ్లాయి, వచ్చే నెల ఒకటిన ఏ ఫైలు తేదీ చూస్తే పని జరిగిందో లేదో తెలుస్తుంది, వివరం ఎక్కడుంది. ఇది రాయాలంటే వెళ్లేవాడు ముందు తన లాగిన్‌తో ప్రతి సర్వర్‌లోనూ `crontab -l` కొట్టి చూడాలి, తన టోకెన్లు, కీలు ఎక్కడెక్కడ వాడుతున్నారో వెతకాలి. అసలు లాభం అక్కడే ఉంది. మెయిల్‌లో రాయాలని కూర్చుంటే, కేటీలో తప్పిపోయింది బయటపడుతుంది. కేటీ ‘నా మాడ్యూళ్లు ఏవి’ అని అడుగుతుంది. ఈ మెయిల్ ‘నేను లేకపోతే ఆగేవి ఏవి’ అని అడుగుతుంది. రెండో ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఇంకో మంచి మార్గం ఉంది: ఆఖరి రోజుకు రెండు మూడు వారాల ముందే ఒక రోజు అతని ఖాతాను కావాలని ఆపించి చూడటం. విరిగేది మనిషి ఉండగానే విరుగుతుంది. నెలకోసారి నడిచేవి ఆ రోజు బయటపడవు కాబట్టి పట్టిక చూడటం మాత్రం తప్పదు.

ఇంకో సంగతి కూడా దీనిలోంచే వస్తుంది. ఇలాంటి మెయిల్‌ను ఆఖరి రోజు సాయంత్రం నాలుగింటికి పంపడం అర్థం లేని పని. ఆరింటికి ఖాతా ఆగుతుంది, చదివినవాడికి వచ్చే సందేహానికి జవాబిచ్చేవాడు ఉండడు. బ్యాంకు దగ్గర కీ మార్చాలంటే వారం కావాలని చూశాం కదా. పని మెయిల్ కనీసం రెండు మూడు వారాల ముందు వెళ్లాలి, తిరిగి ప్రశ్నలు రావాలి, ఆఖరి వారంలో మారినవి చేర్చి మళ్లీ పంపాలి. కేకు కోసే రోజున ఫ్లోరంతటికీ, వేరే టీములకూ నాలుగు లైన్లు పంపుకోవచ్చు, దానికి నేను అడ్డు చెప్పను. నాలుగు వందల మందికి క్రాన్ పట్టిక చెప్పేవాడు కూడా తెలివైనవాడు కాదు. నా గొడవంతా, పక్క సీట్లలో ఏళ్లపాటు కూర్చున్న ఏడెనిమిది మందికి కూడా ఆ నాలుగు వందల మంది మెయిలే పంపడం మీద.

జాగ్రత్త ఒకటి చెప్పాలి. ఈ మెయిల్‌లో పాస్‌వర్డులు, కీలు పెట్టకూడదు. దాన్ని సొంత జీమెయిల్‌కు పంపుకోకూడదు, గుర్తుగా ఉంటుందని కోడ్ ముక్క పట్టుకుపోకూడదు. కంపెనీల్లో బయటికి పోయే మెయిళ్లను చూసే ఏర్పాట్లుంటాయి, ఆఖరి వారంలో ఇంకా నిశితంగా చూస్తారు. సెలవు తీసుకునే రోజున హెచ్‌ఆర్ ముందు సంజాయిషీ చెప్పుకోవడం ఎవరికీ బాగుండదు.

రెండో వాదనకు వద్దాం: ఎక్కడికి వెళ్తున్నావో చెప్పకు. దీనికి పైకి చెప్పే కారణం ప్రైవసీ, లోపలి కారణం దిష్టి. వీసా స్టాంపు పడేదాకా నోరు విప్పకపోవడాన్ని నేను తప్పుపట్టను. ఎంబసీ నుంచి పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా ఎవరి గుండె వాళ్ల దగ్గర ఉండదు. కానీ రాజీనామా ఆమోదం పొంది, టికెట్ కొన్న తర్వాత కూడా ‘కొత్త అవకాశం కోసం’ అని రాసి ఊరుకోవడం దేనికి? వారంలో లింక్డ్‌ఇన్‌లో సీఎన్ టవర్ ముందు ఫోటో పెడతాడు. దాచినందువల్ల మిగిలేది, దగ్గరివాళ్లకు కూడా బయటివాళ్లతో పాటే తెలిసిందన్న నొప్పి మాత్రమే.

పరాయి దేశం వెళ్లడం మా ప్రాంతానికి కొత్త కాదు. కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి, సౌదీ, కువైట్ వెళ్లినవాళ్లు ఇంజనీర్ల కంటే చాలా ముందు వెళ్లారు, చాలా ఎక్కువమంది వెళ్లారు. వాళ్లకు ఎవరూ వీడ్కోలు మెయిల్ రాయడం నేర్పలేదు. అయినా తెలివైనవాడు ఇల్లు కదిలే ముందు పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాపీ ఇంట్లో పెట్టించి, ఏజెంటు నంబరు, అక్కడి కంపెనీ పేరు అన్నకో బావకో చెప్పి వెళ్తాడు. అది సెంటిమెంటు కాదు. జీతం ఆగినా, యజమాని పాస్‌పోర్టు లాక్కున్నా, అలా జరగకూడదు గానీ మనిషే పోయినా, రాయబార కార్యాలయానికి అర్జీ పెట్టాలంటే ముందు అడిగేవి ఆ వివరాలే. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసేటప్పుడు కూడా మనిషి ఎవరో, ఎక్కడున్నాడో చెప్పాలి. ‘దుబాయిలో ఏదో కంపెనీ అంట’ అని చెప్పగలిగిన కుటుంబం ఎన్నాళ్లు తిరిగినా పని ముందుకు సాగదు. ఈ సంగతి ఊళ్లో అనుభవం మీద తెలిసింది. చదువుకున్న ఇంజనీరు దగ్గరికొచ్చేసరికి అది మొరటుతనంలా కనిపిస్తోంది.

టీముకు అతని పాస్‌పోర్టు నంబరు అక్కర్లేదు, నిజమే. వాళ్లకు కావలసింది చాలా మామూలు సమాచారం. టొరంటోకూ హైదరాబాదుకూ చలికాలంలో పదిన్నర గంటల తేడా, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. ఇక్కడ ఉదయం పదింటికి ఫోన్ చేస్తే అక్కడ చలికాలంలో రాత్రి పదకొండున్నర, ఎండాకాలంలో అర్ధరాత్రి దాటి అరగంట. ఇక్కడ సాయంత్రం ఏడు తర్వాతైతే అతనికి ఉదయం. ఈ ఒక్క లైను రాస్తే ఎత్తని ఫోన్లు, ‘అన్న విదేశం పోయి మారిపోయిండు’ అనే మాటలు సగం తగ్గుతాయి.

మరి ఆ నాలుగు లైన్ల కింద ఇచ్చే ఫోన్ నంబరు? అది ఇండియా నంబరు. ప్రీపెయిడ్ సిమ్‌ను వరుసగా 90 రోజులు వాడకపోతే, కనీస బ్యాలెన్సు కూడా లేకపోతే, కంపెనీ దాన్ని తీసేయొచ్చు. కొన్నాళ్లకు అదే నంబరు ఇంకొకరికి ఇస్తుంది. ఆ తర్వాత ఎప్పుడో ‘అన్నా, ఆ బ్యాంకు ఫైలు సంగతి’ అని ఫోన్ చేస్తే అవతల ఎవరో కొత్తాయన ఎత్తుతాడు. మారని సొంత మెయిల్ అడ్రసు ఒకటి ఇవ్వడం, ఎంతవరకు సాయం చేయగలనో చెప్పడం మంచిది. ‘డిసెంబరు దాకా పాత స్క్రిప్టుల గురించి అడగొచ్చు, వారాంతంలో జవాబిస్తాను, లాగిన్ ఉండదు కాబట్టి చూసి చెప్పలేను, గుర్తున్నది చెబుతాను.’ హద్దు గీసి ఇచ్చిన మాట ఇది, ఇలాంటిదే నిలబడుతుంది. ‘ఎప్పుడైనా ఫోన్ చేయండి’ అన్నది ఎవరూ నమ్మని మాట, చెప్పినవాడితో సహా.

ఇక మూడోది, అన్నిటికన్నా గట్టిగా చెప్పే సలహా: తీపి మాటలే రాయి, వంతెనలు కూలగొట్టుకోకు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత కూడా జోడిస్తారు. మేనేజరు మీద కోపాన్ని ఆఖరి మెయిల్‌లో కక్కేవాణ్ణి నేనూ సమర్థించను. అలాంటివి చదివి ఫ్లోరంతా ఒక పూట నవ్వుకుంటుంది, జరిగేదేమీ ఉండదు. జీతాల తేడాలు, ప్రమోషన్లలో అన్యాయాలు చెప్పుకోవడానికి ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఉంది. అది పనిచేస్తుందా అంటే వేరే వ్యాసం రాయాలి. కానీ తిట్టకపోవడం వేరు, ఏమీ చెప్పకపోవడం వేరు. ‘మీ అందరి దగ్గరా నేర్చుకున్నాను’ అన్న వాక్యంలో ఎవరి పేరూ లేదు, ఏ పనీ లేదు. అది ఎవరికీ చెందదు కాబట్టి ఎవరి మనసుకూ తాకదు.

దానికి బదులు మన కుర్రాడు ఇలా రాశాడనుకోండి: ‘గత దీపావళి రాత్రి చెల్లింపులు ఆగినప్పుడు లోపం పట్టుకున్నది, మార్పును వెనక్కి తిప్పింది తను. నేను కాల్‌లో ఉన్నాను కాబట్టి మరునాడు మీటింగులో నా పేరు వినబడింది.’ తను అంటే టీములో అందరికన్నా చిన్నమ్మాయి, రెండేళ్ల కింద చేరింది. ఈ వాక్యం ఆమెకు పొగడ్త మాత్రమే కాదు, రుజువు కూడా. మార్చిలో అప్రైజల్‌కు కూర్చున్నప్పుడు ఆమె చూపించుకోగల కాగితం. కంపెనీలో ఉన్నవాడు ఇంకొకరి గురించి రాస్తే అందులో స్నేహమో లెక్కో ఉందనుకుంటారు. వెళ్లిపోతున్నవాడికి ఇక్కడ ప్రమోషనూ లేదు, రేటింగూ లేదు, అందుకే అతని మాట బరువు వేరు. ఎనిమిదేళ్లలో అతని సాక్ష్యానికి ఇంత విలువ ఉన్న రోజు ఇంకోటి లేదు. ఆ రోజున ‘మీ అందరికీ థాంక్స్’ అని సరిపెట్టడం పొదుపు కాదు, పిసినారితనం.

వంతెనల మాట ఎత్తారు కాబట్టి అవి ఎక్కడ అవసరపడతాయో కూడా చూద్దాం. కెనడా పీఆర్‌కు అప్లై చేసేవాళ్ల అనుభవ పత్రం అక్కడి వలస శాఖ చెప్పినట్టు ఉండాలి: కంపెనీ లెటర్‌హెడ్ మీద, హోదా, చేసిన పనులు, వారానికి ఎన్ని గంటలు, ఏడాది జీతం, సౌకర్యాలు, పై అధికారి సంతకం. మన కంపెనీల హెచ్‌ఆర్ ఇచ్చే రిలీవింగ్ లెటర్‌లో చేరిన తేదీ, మానిన తేదీ, హోదా తప్ప ఏమీ ఉండదు. పనుల వివరం రాయడం మా పాలసీ కాదంటారు. అప్పుడు చాలామంది పాత మేనేజరును పట్టుకుని, ఆ వివరాలతో నోటరీ చేయించిన ప్రమాణపత్రం తెచ్చుకుని, హెచ్‌ఆర్ ఇవ్వని కారణం రాసి జత చేస్తారు. అమెరికాలో గ్రీన్‌కార్డు దారి పట్టినవాళ్లకు ఇది ఏళ్ల తర్వాత ఎదురవుతుంది. అక్కడి కంపెనీ వేసే దరఖాస్తులో సాధారణంగా లెక్కకు వచ్చేది ఆ కంపెనీలో చేరకముందు సంపాదించిన అనుభవం, అంటే చాలామంది విషయంలో హైదరాబాదులో చేసిన పని. పాత యజమాని లేఖలో రాసేవారి పేరు, చిరునామా, హోదా, చేసిన పని వివరం ఉండాలని నిబంధన. అలాంటి లేఖ దొరకకపోతే ఇతర ఆధారాలు చూస్తారు, పాత సహోద్యోగి ప్రమాణపత్రం పనికొచ్చేది అక్కడే.

ఈలోగా ఆ సహోద్యోగి ఎక్కడుంటాడు? అతనూ మూడు కంపెనీలు మారి ఉంటాడు, ఆఫీసు మెయిల్ ఎప్పుడో పోయి ఉంటుంది. పాత కంపెనీని ఇంకో కంపెనీ కొనేసి ఉంటుంది. ఆరేడేళ్ల తర్వాత డల్లాస్ నుంచి ఒకాయన ‘సార్, గుర్తున్నానా, మనం ఫలానా ప్రాజెక్టులో’ అని మొదలుపెట్టే మెసేజ్ రాయడానికి కారణం ఇదే. అవతలాయనకు మనిషి లీలగా గుర్తుంటాడు, అతను ఏం చేశాడో గుర్తుండదు. గుర్తులేనిదాని మీద ప్రమాణం చేసి సంతకం పెట్టడానికి నిజాయితీ ఉన్నవాడు వెనకాడతాడు. వెనకాడాలి కూడా. కెనడాలో తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే ఐదేళ్ల నిషేధం, అమెరికాలో అది జీవితాంతం వెంటాడే అనర్హత కావచ్చు. లేని అనుభవం అమ్మే కన్సల్టెన్సీల వల్ల మనవాళ్ల కాగితాలను అసలే అనుమానంగా చూస్తున్నారు.

ఇప్పుడు చెప్పండి, వంతెనను నిలబెట్టేది ఏది? ‘గొప్ప అనుభవం’ అన్న మాటా, లేక ఎవరు ఏ పని చేశారో పేరుపెట్టి, అందరూ చూసేలా, ఆ రోజుల్లోనే రాసిన మెయిలా? రెండోది చదివినవాళ్లకు ఆ పని గుర్తుంటుంది. ఇది ఒకవైపు అవసరం కూడా కాదు. ఆ చిన్నమ్మాయి రేపు కెనడాకే అప్లై చేస్తే, ఆమె పని రెండేళ్లు దగ్గరుండి చూసిన లీడుగా పత్రం రాయగలిగేది ఈ కుర్రాడే. ‘నా కింద పనిచేసినవాళ్లకు ఎప్పుడైనా అనుభవ పత్రం కావాలంటే, చూసింది చూసినట్టు రాస్తాను’ అని మెయిల్‌లో ఒక వాక్యం ఉంటే, ‘టచ్‌లో ఉందాం’ అన్నదానికి మొదటిసారి ఒక అర్థం వస్తుంది.

ఇంతకీ అతను రాయగలిగిన మెయిల్ ఎంత పొడవు? ఆఫీసుల్లో ఇంగ్లీషులోనే రాస్తారు గానీ, విషయం మాత్రం ఇంతే:

‘12న నా ఆఖరి రోజు. నెలాఖరులో కుటుంబంతో టొరంటో వెళ్తున్నాను, అక్కడే స్థిరపడే ఆలోచన. నా లాగిన్ మీద నడిచేవి మూడు దొరికాయి. నెలాఖరు ఫైలు సర్వీసు ఖాతాకు మార్చాం, బ్యాంకు దగ్గర కొత్త కీ నమోదైంది. ఒకటో తేదీ ఉదయం తొమ్మిదింటికి అవుట్‌బాక్స్ ఫోల్డర్‌లో ఆ రోజు తేదీతో ఫైలు లేకపోతే జాబ్ నడవనట్టే. సర్టిఫికెట్ హెచ్చరికలు ఇకనుంచి టీము మెయిల్‌కు వస్తాయి. మూడోది, పాత రిపోర్టు, ఎవరూ వాడటం లేదని తేలి ఆపేశాం. వివరం టీము ఫోల్డర్‌లో ఉంది. అది రాసింది నేను, చదివి తప్పులు పట్టింది ఇద్దరు.’ ఆ తర్వాత దీపావళి రాత్రి సంగతి, ఇంకో ఇద్దరి గురించి రెండేసి వాక్యాలు, సొంత మెయిల్, డిసెంబరు దాకా మాట. ఒక పేజీ దాటదు.

దీన్ని చూసి ‘ఇది వీడ్కోలులా లేదు, పని మెయిల్‌లా ఉంది’ అంటారు. ఉండనివ్వండి. ఆ ఏడెనిమిది మందీ అతనికి పరిచయమైంది పని వల్లే. కలిసి రాత్రులు మేలుకున్నదీ, ఒకరి తప్పు ఇంకొకరు మోసిందీ పనిలోనే. ఆ సంబంధానికి ఆఖరి మాట రాసేటప్పుడు పనిని పక్కనపెట్టి, ఎవరికైనా సరిపోయే నాలుగు తీపి వాక్యాలు రాయడంలోనే నాకు మొహమాటం కనిపిస్తుంది, ఆప్యాయత కనిపించదు. నెల తిరక్కుండా ఆ టీములో ఎవరో ఒకరు తెల్లవారుజామున లేవాల్సి వస్తుందేమో చూసుకోకుండా ‘మిస్ అవుతాను’ అని రాసే మర్యాదకంటే, లేవాల్సిన అవసరం లేకుండా చేసి వెళ్లే మొరటుతనం మేలు.

నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మనవి. మెయిల్ సంగతి తర్వాత చూద్దాం. ఇవాళ ఆఫీసుకు వెళ్లగానే, మీకు లాగిన్ ఉన్న ప్రతి సర్వర్‌లో `crontab -l` కొట్టండి. ఏం కనిపించిందో రాసుకోండి. మీ మెయిల్‌లో మొదటి పేరా దొరికినట్టే.